ఆఫీసు మెసేజీలకు వేళ అడిగే మెయిల్

ప్రశ్న: నాకు 33 ఏళ్లు. హైదరాబాద్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ బృందానికి లీడ్‌ని. మా క్లయింటు షికాగోలో ఉంటారు. మా మేనేజర్ రాత్రి తొమ్మిది నుంచి పదకొండున్నర దాకా వాట్సాప్‌లో ఏదో ఒకటి అడుగుతూనే ఉంటారు. మనిషి మంచివారే. పాపను పడుకోబెడుతూ ఒక చేత్తో జవాబులు టైప్ చేస్తుంటాను. దీని గురించి మెయిల్ రాయబోతే ఒకసారి పోట్లాటలా, ఇంకోసారి క్షమాపణలా వస్తోంది. పని తప్పించుకుంటున్నానని అనుకోకుండా ఎలా రాయాలి?

జవాబు: రాయడానికి ముందు గత రెండు వారాల రాత్రి మెసేజీలన్నీ మళ్లీ చదవండి. ఒక్కొక్కదాని దగ్గర ఆగి, మర్నాడు పదింటికి జవాబిస్తే ఏం ఆగిపోయేదో ఆలోచించండి. కొన్ని నిజంగా ఆగని పనులు: రిలీజ్ నిలిచిపోవడం, సైటు పనిచేయకపోవడం లాంటివి. ఇంకొన్ని, మరచిపోకముందే పంపేద్దామని ఆయన పంపినవి. వాటికి ఆ రాత్రే జవాబు కావాలని ఆయన అనుకోకపోయి ఉండవచ్చు. మూడో రకం, షికాగోలో ఉదయం మీటింగులో క్లయింటు అడిగినవి. అసలు చిక్కు ఇక్కడే ఉందని నాకనిపిస్తోంది. ఆ సమయంలో ఆయన కూడా ఒకరికి జవాబు చెప్పాల్సిన స్థితిలో ఉంటారు. ఆ అవసరం తీరే దారి చూపకుండా ‘రాత్రి మెసేజీలు వద్దు’ అంటే ఆయనకు అది ఇబ్బందిగానే వినిపిస్తుంది.

అందుకే మెయిల్‌లో ముందు మీరు ఏ వేళల్లో అందుబాటులో ఉంటారో చెప్పండి, ఉండని వేళల సంగతి తర్వాత రావాలి. షికాగోలో ఉదయం తొమ్మిది అంటే వేసవిలో మనకు రాత్రి ఏడున్నర. నవంబరు మొదటి ఆదివారం వాళ్ల గడియారాలు గంట వెనక్కి వెళ్తాయి కాబట్టి, అప్పటి నుంచి మార్చి రెండో ఆదివారం దాకా ఎనిమిదిన్నర. ఈ తేడా ఇప్పుడే రాయకపోతే చలికాలం రాగానే ఒప్పందం చెదిరిపోతుంది.

మీరు రాసేది ఇంగ్లీషులోనే కావచ్చు. సారాంశం ఇలా ఉంటే చాలు:

‘విషయం: సాయంత్రం ప్రశ్నలకు ఒక పద్ధతి. క్లయింటు ఉదయం అడిగేవాటికి మీకు వెంటనే జవాబు అందేలా, షికాగో సమయం తొమ్మిది నుంచి తొమ్మిదిన్నర దాకా రోజూ అందుబాటులో ఉంటాను. ఆ తర్వాత వచ్చిన మెసేజీలు మర్నాడు ఉదయం పదింటికల్లా చూసి జవాబిస్తాను. రిలీజ్ ఆగినా, సైటు పనిచేయకపోయినా ఏ వేళలోనైనా నాకు ఫోన్ చేయండి, ఎత్తుతాను. రెండు వారాలు ఇలా చూద్దామా? మీకు ఇబ్బంది కలిగే చోటు ఉంటే చెప్పండి, మార్చుకుందాం.’

ఇందులో పాప ప్రస్తావన కావాలనే పెట్టలేదు. మీ కారణం చిన్నదని కాదు. ఇంటి సంగతి రాస్తే ఇది పనిపద్ధతిగా కాక మీకిచ్చిన వెసులుబాటుగా మారుతుంది. ‘పాప ఎన్నింటికి నిద్రపోతుంది, ఆ తర్వాత చూడొచ్చు కదా’ అన్న చర్చకూ తావిస్తుంది. ‘క్షమించండి’ అన్న మాట కూడా వద్దు. హక్కుల భాష కూడా ఈ మొదటి మెయిల్‌లో వద్దంటాను. పనివేళలు దాటాక వచ్చే సందేశాలకు దూరంగా ఉండే హక్కుకు ఫ్రాన్స్ చట్టంలో 2017 నుంచి, ఆస్ట్రేలియా చట్టంలో 2024 నుంచి చోటుంది. మన లోక్‌సభలో 2018లో సుప్రియా సూలే పెట్టిన ప్రైవేటు బిల్లు చట్టం కాలేదు. కాబట్టి మీకు ఆధారం ఆయనతో కుదిరే అంగీకారమే.

అత్యవసరానికి మెసేజీ కాక ఫోన్ అని రాయడం ముఖ్యం. మెసేజీ పంపడం తేలిక. రాత్రి పదకొండింటికి ఫోన్ చేయాలంటే ఎవరైనా ఒక్క క్షణం ఆగి, ఇది అంత అవసరమా అని ఆలోచిస్తారు. మీరూ ఫోన్ మోగలేదంటే కంగారుపడాల్సిందేమీ లేదని నిశ్చింతగా ఉండవచ్చు. కానీ ఆయన ఫోన్ చేసినప్పుడు మాత్రం తప్పకుండా ఎత్తాలి.

ముందు ఆయనతో ఐదు నిమిషాలు నేరుగా మాట్లాడి, ‘అనుకున్నది రాసి పంపుతాను’ అని చెప్పి, ఉదయం పూట పంపండి. చిరాకు తెప్పించిన రాత్రి మర్నాడే వద్దు. పైవాళ్లకు, హెచ్‌ఆర్‌కు కాపీ పెట్టకండి. పెడితే ఆయనకు అది ఫిర్యాదే.

ఇక కష్టమైన భాగం మీ చేతిలోనే ఉంది. మూడో రోజు రాత్రి పదిన్నరకు మెసేజీ వస్తుంది, జవాబు మీకు తెలిసే ఉంటుంది, ఒక్క ముక్కే కదా అనిపిస్తుంది. ఇవ్వకండి. ఇస్తే ఆ మెయిల్ అక్కడితో చెల్లిపోతుంది. మర్నాడు పదింటికి మాత్రం ఆలస్యం లేకుండా, పూర్తి జవాబు ఇవ్వండి. ఆయనకు నమ్మకం కుదిరేది దానితోనే.

రెండు వారాల తర్వాత కూడా మెసేజీలు తగ్గకపోతే, లేదా అత్యవసరం కానివాటికి ఫోన్లు మొదలైతే, ఏ రోజు ఏ విషయానికి వచ్చాయో రాసుకుని ఆయనతో మళ్లీ కూర్చోండి. ప్రతి రాత్రీ నిజంగానే పని ఉందని తేలితే, అది మీరొక్కరే మోయాల్సిన బరువు కాదు. బృందంలో వంతులు వేయమని, రాత్రి వంతు ఉన్నవారు మర్నాడు ఆలస్యంగా వచ్చేలా చూడమని అడగండి.