ఛాతీలో మంట లేకపోయినా గొంతును పట్టుకున్న ఎసిడిటీ

"మూడు నెలలుగా రోజంతా గొంతు సవరించుకుంటూనే ఉన్నాను. పొద్దున లేచేసరికి గొంతు బొంగురు. గుటక వేస్తే ఏదో ఉండ అడ్డం పడ్డట్టుంటుంది. ఎసిడిటీ అంటున్నారు, కానీ ఛాతీలో మంటే లేదు. తిండిలో ఏం మార్చాలి?"

నాకూ మంట ఒక్కరోజు కూడా లేదండీ. ట్యూషన్లు చెప్పుకునేవాణ్ణి, పొద్దున బ్యాచ్‌కి గొంతు పెగిలేది కాదు. అలర్జీ అనుకుని ఆర్నెల్లు దగ్గు మందులు తాగాను. చివరికి ఈఎన్‌టీ డాక్టర్ ముక్కులోంచి సన్నటి కెమెరా వేసి చూస్తే స్వరపేటిక వెనకవైపు ఎర్రగా వాచి ఉంది. ఆ ఎరుపు ఒక్కటే చూసి తేల్చలేమని, నా భోజనం వేళలు అడిగారు.

అక్కడ దొరికిపోయాను. రాత్రి పదింటికి ఇంటికొచ్చి, పులుసూ అన్నం లాగించి, పావుగంటలో పడుకునేవాణ్ణి. పడుకోగానే కడుపులోది కొద్దికొద్దిగా పైకి వస్తుంది. అన్నవాహిక తట్టుకున్నంతగా గొంతు పొర తట్టుకోలేదు, అందుకే మంట తెలియకుండానే గొంతు పాడవుతుంది. ఆమ్లంతో పాటు వచ్చే, కడుపులో తిండిని అరిగించే పెప్సిన్ అనే ఎంజైమ్ గొంతుకు అంటుకుని ఉండి, పులుపు తగిలినప్పుడు మళ్లీ పని మొదలుపెడుతుందట.

అందుకని ముందు మార్చింది తిండిని కాదు, వేళను. రెండు బ్యాచ్‌ల మధ్య ఏడున్నరకే డబ్బాలో తెచ్చుకున్న పప్పన్నమో ఇడ్లీలో తినేయడం, పదకొండుకి పడక. మధ్యలో నీళ్లు తప్ప ఏమీ లేదు. మంచం తలవైపు కోళ్ల కింద ఆరంగుళాల ఎత్తు పెట్టాను. రెండు దిండ్లు వేసుకుంటే నడుం దగ్గర వంగి పొట్ట మీద ఇంకా ఒత్తిడి పడింది. చారు, పులిహోర, టమాటా పచ్చడి మధ్యాహ్నానికి మార్చాను. పరగడుపున కాఫీ మానడమే ప్రాణం మీదికొచ్చింది. ఆవకాయ మాత్రం మధ్యాహ్నం కొంచెం తింటే నాకేం కాలేదు, మీకు ఎలా ఉంటుందో చూసుకోండి.

డాక్టరిచ్చిన ట్యాబ్లెట్‌ని టిఫిన్ తిన్నాక వేసుకునేవాణ్ణి. అరగంట ముందు వేసుకోవాలని తర్వాత తెలిసింది.

గొంతు సవరింపు సంగతి వేరు. సవరించిన ప్రతిసారీ స్వరతంత్రులు గట్టిగా కొట్టుకుని వాపు పెరుగుతుంది, వాపు వల్ల మళ్లీ సవరించాలనిపిస్తుంది. బల్ల మీద నీళ్ల సీసా పెట్టుకుని, అనిపించినప్పుడల్లా ఒక గుక్క తాగి మింగేవాణ్ణి. బొంగురు మూడో వారానికి తగ్గింది, ఉండ పోవడానికి రెండు నెలలు దాటింది. మధ్యలో ఒక రిసెప్షన్‌లో రాత్రి పదిన్నరకి బిర్యానీ తిన్నాను, రెండు రోజులు మళ్లీ అదే గొంతు.

మీది మూడు నెలల బొంగురు కాబట్టి ముందు ఒకసారి కెమెరా వేయించుకోండి. నాకు ఉత్త గుటక వేసినప్పుడే ఉండ తెలిసేది, అన్నం మాత్రం హాయిగా దిగేది. మీకు ముద్ద నిజంగానే అడ్డం పడుతున్నా, బరువు తగ్గుతున్నా, ఒకవైపే నొప్పి ఉన్నా, ఉమ్మిలో రక్తం కనిపించినా ఈ వారంలోనే వెళ్లండి.