గ్లూకగాన్ ఇచ్చినా పాప లేవలేదు, డోసు తక్కువైందా?

"మాది బెంగళూరు. పాపకు 7 ఏళ్లు, 22 కిలోలు. షుగర్ పడిపోయి స్పృహ తప్పితే కిట్‌లోని సిరంజి పొడిచాం, లేవలేదు. డోసు చాల్లేదా?"

బహుశా పాపకు వెళ్లింది ఉత్త నీళ్లే. ఆ సిరంజిలో షుగర్ పెంచే మందు గ్లూకగాన్ ఉండదండి. మందు చిన్న సీసాలో తెల్లటి పొడిగా ఉంటుంది. టెన్షన్‌లో చాలామంది కలపడమే మర్చిపోతారు.

1. ముందు పాపను పక్కకు తిప్పి పడుకోబెట్టండి, వాంతి కావొచ్చు. నోట్లో చక్కెర, తేనె ఏవీ వేయొద్దు. ఇంకొకరు 108కి ఫోన్ చేయాలి.

2. కొత్త కిట్ సిరంజిలోని నీళ్లన్నీ సీసాలోకి ఎక్కించి, పొడి కరిగి తేటపడేదాకా మెల్లగా తిప్పండి. తర్వాత అదే సిరంజిలోకి వెనక్కి లాగండి. ఇప్పుడు 1 మి.లీ.లో 1 మి.గ్రా. మందు ఉంటుంది.

3. 25 కిలోల లోపు సగం, అంటే 0.5 మి.లీ. ఆపైన మొత్తం. బరువు తెలియకపోతేనే వయసు చూడాలి. మీ పాపకు సగం. తొడ బయటివైపు కండలోకి ఇవ్వండి.

4. 10–15 నిమిషాల్లో లేవకపోతే సెలైన్ ద్వారా గ్లూకోజ్ ఎక్కించాల్సిందే. రోజంతా తినకుండా ఉన్న పిల్లలకు లివర్‌లో చక్కెర నిల్వ అయిపోయి, సరిగ్గా కలిపినా మందు పని చేయకపోవచ్చు.

5. లేచి మింగగలిగాక కొద్దికొద్దిగా తీపి నీళ్లు, వాంతి తగ్గాక ఇడ్లీయో అన్నమో. 15 నిమిషాలకోసారి షుగర్ చూడండి, మళ్లీ పడొచ్చు. ఆ రోజే డాక్టర్‌కు చెప్పి ఇన్సులిన్ డోసు సరిచూపించండి.

గడువు తీరిన కిట్ ఉంటే పారేయకండి. కలపడం దానిమీద ఒకసారి చేసి చూడండి.