చిన్నాకు, రికార్డింగ్ కత్తిరించేముందు

చిన్నా,

ట్రాలీ ఆటో తీసుకున్నావనీ, కందుకూరు చుట్టుపక్కల ఊళ్లు తిరిగి పండ్లు అమ్ముతావనీ మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఎంత సంతోషించానో! మరుక్షణమే బండి మీద స్పీకర్ పెడతాడు కదా, అందులో ఏం వినిపిస్తుందో అని బెంగ పట్టుకుంది. ఇన్నేళ్లు కావలిలో మైక్‌సెట్టు దుకాణం నడిపినవాడికి ఇంకేం బెంగ ఉంటుంది?

నీ గొంతే రికార్డ్ చేసుకో, అరువు గొంతు వద్దు. రికార్డ్ నొక్కి గొంతు సవరించుకునే ఖాళీ, చివర ఆపడానికి ఫోన్ తడుముకునే ఖాళీ ఎలాగూ పడతాయి. ఆటోలో అదే పదే పదే తిరుగుతుంది కాబట్టి అవి తీసెయ్యాలి. నీది అక్క ఇచ్చిన ఐఫోన్ కదా. Voice Memosలో ఆ రికార్డింగ్ పక్కనున్న మూడు చుక్కలు నొక్కి ముందు Duplicate కొట్టు. ఇది మానేశావంటే నాతో మాట్లాడకు. తర్వాత ఆ కాపీలోనే Edit Recordingకి వెళ్లి కత్తిరించే గుర్తు నొక్కితే, అలల బొమ్మకు రెండు చివర్లా పసుపు పట్టీలు వస్తాయి. వాటిని లోపలికి జరిపి Trim నొక్కి సేవ్ చెయ్యి. అక్కడే Delete కూడా ఉంటుంది. Trim నొక్కితే పట్టీల మధ్యది మిగులుతుంది, Delete నొక్కితే మధ్యదే పోతుంది. తొందరలో అటు వేలు పెట్టకు.

నొక్కడం ఎవరైనా నేర్చుకుంటారు. పట్టీని ఎక్కడ ఆపాలన్నదే అసలు సంగతి. మా దుకాణంలో ఒక కుర్రాడుండేవాడు, చురుకైనవాడే. ఒక తిరునాళ్లకి ప్రచారం రికార్డ్ చేశాం. "శనివారం సాయంత్రం" అని మొదలై "అందరూ రండి" అని ముగుస్తుంది. అతగాడు బొమ్మలో అల ఎత్తుగా లేచినచోటికి పట్టీని అతికించి కోసేశాడు. చూడ్డానికి శుభ్రంగానే ఉంది. ఆటో ఊళ్లో తిరగడం మొదలుపెట్టాక "నివారం సాయంత్రం... అందరూ రం" అని వినబడింది. పిల్లలు ఆటో వెనక పరుగెత్తుతూ "రం, రం" అని అరుస్తున్నారు. కమిటీవాళ్లు నా మీద ఎగిరారు.

శ, స, హ లాంటి అక్షరాల్లో మొదట వచ్చేది గాలి చప్పుడే. బొమ్మలో అది సన్నటి గీతలా కనబడుతుంది, ఖాళీ అనుకుంటాం. ఆ తర్వాతి అచ్చు దగ్గరే అల పైకి లేస్తుంది. చివర్లో మనం గొంతు దించేస్తాం కాబట్టి ఆఖరి అక్షరం కూడా అలాగే పడుకుని ఉంటుంది. నువ్వు "సపోటాలు, బత్తాయిలు" అని మొదలుపెడితే ముందు పోయేది ఆ "స" అక్షరమే. అందుకే బొమ్మను రెండు వేళ్లతో పెద్దది చేసి, సన్నగీత కూడా దాటి ఇంకో అర సెకను ముందు పట్టీ ఆపు. చివర మాట అయిపోయాక ఒకటీ రెండు సెకన్లు వదులు. లేకపోతే "రండి"కీ "సపోటా"కీ మధ్య ఊపిరి ఉండదు, వినేవాళ్లకి చిరాకు.

ఆ రోజు ఇంకో తిప్పలు కూడా పడ్డాం. తప్పు బ్లూటూత్ స్పీకర్‌దని కుర్రాడు వాదించాడు. అదీ లేకపోలేదు, నిద్రలో ఉన్న స్పీకర్ మేలుకునేలోపు మొదటి అక్షరం మింగేస్తుంది. ఎవరిది తప్పో తేల్చడం తేలికే. ఫోన్ సొంత స్పీకర్‌లో విను. అక్కడా అక్షరం లేకపోతే కోతదే తప్పు. ఫోన్‌లో ఉండి, ఆటోలో మొదటి చుట్టులో మాత్రమే పోతుంటే బ్లూటూత్‌ది. మా ఆటో ప్రతి చుట్టులోనూ "నివారం" అనే అంది మరి.

అసలు కాపీ లేదు, చదివినాయన అప్పటికే తిరుపతి బయల్దేరాడు. అందుకని మొదటి వాక్యం మొత్తం, చివరి "అందరూ రం" కూడా కోసేసి, రెండో వాక్యం దగ్గర్నుంచి మొదలయ్యేలా చేశాను. అదృష్టం కొద్దీ అందులో మళ్లీ "శనివారం" వచ్చింది. నీ పలుకుల్లోనూ మొదటి మాట పాడైతే ఆ దారి పట్టు, మొత్తం మళ్లీ చెప్పనక్కర్లేదు.

ఆటో పక్కనే నిలబడి రికార్డ్ చెయ్యకు. ఇంజన్ మోత ఉంటే అల ఎక్కడా పడుకోదు, మాట ఎక్కడ మొదలైందో బొమ్మ చెప్పదు, చెవితోనే పట్టుకోవాలి. ఇంట్లో ఫ్యాన్ ఆపి, తలుపు వేసుకుని చెప్పు. మీ నాన్న టీవీ కట్టెయ్యమంటే కసురుకుంటాడు, నేను చెప్పానను. తిండి మాత్రం వేళకి తిను, ఎండలో తిరిగేవాడివి.

కోసినదీ, అసలుదీ రెండూ నాకు వాట్సాప్ చెయ్యి. పేర్లు వేరుగా పెట్టి పంపు, ఏది ఏదో తెలియక నేను తికమకపడతాను.

మీ పెదనాన్న