వెన్నెల కాలుస్తుందా?

సందేహం: ప్రియుడు దూరమైన నాయిక సినిమా పాటల్లో ‘వెన్నెల కాలుస్తోంది, చల్లగాలి మంట పెడుతోంది’ అంటుంది. వెన్నెల చల్లనిది కదా! ఇది తప్పు వాడుక కాదా? ప్రాస కోసం అలా రాసేస్తారా?

సమాధానం: తప్పు కాదు, ప్రాస కోసం పుట్టిందీ కాదు. అలంకారశాస్త్రంలో వెన్నెల, కోయిల కూత, మలయమారుతం శృంగారానికి ఉద్దీపనలు, అంటే ఉన్న భావాన్ని పెంచేవి. జంట కలిసి ఉంటే ఆనందాన్ని పెంచుతాయి, విడిపోతే బాధను పెంచుతాయి. విరహంలో ఉన్నవాళ్లు చంద్రుణ్ణి నిందించడాన్ని చంద్రోపాలంభం అంటారు. మన ప్రబంధాల్లో విరహ ఘట్టం వస్తే ఇది దాదాపు తప్పనిసరి.

ఆ నిందలో కవులు చూపించే తర్కం నాకు చాలా ఇష్టం. చంద్రుడు పాలసముద్రంలో పుట్టాడు, హాలాహలమూ అక్కడే పుట్టింది. విషానికి తోబుట్టువైనవాడు బాధపెట్టక ఏం చేస్తాడు? ఉండేదేమో శివుడి తలమీద, నిప్పు కురిసే మూడో కంటికి పక్కనే. ఇక మలయమారుతం పాములు చుట్టుకున్న గంధపు చెట్ల మీదుగా వస్తుంది, అందుకే సోకితే మంట.

వసుచరిత్రలో గిరికను చూడండి. వసురాజు మీద మనసు పడి, ఆ జాబిల్లి వెలుగు వెల్లువను ఓర్చుకోలేక ముఖానికి చీర కొంగు ఒత్తుకుని గొంతెత్తి ఏడుస్తుంది. ఆ ముఖాన్ని రామరాజభూషణుడు ‘రాకానిశారాజశ్రీసఖమైన మోము’ అన్నాడు. అంటే పున్నమి చంద్రుడి అందానికి స్నేహితురాలైన ముఖం! ఆ స్నేహితుడి వెలుగునే ఇప్పుడు ఆమె భరించలేకపోతోంది. పద్యానికి ప్రాణం అక్కడుంది.

ప్రబంధంలో ఆ తాపం తగ్గించడానికి చెలికత్తెలు గంధం పూస్తారు, తామరాకుల పక్క వేస్తారు. నాలుగు నిమిషాల పాటలో ఆ శిశిరోపచారాలకు చోటు లేదు. చెలికత్తెలూ పోయారు. చంద్రుడితో మాట్లాడటం మాత్రం మిగిలింది. ‘మిస్సమ్మ’లో పింగళి నాగేంద్రరావు రాసిన ‘రావోయి చందమామ’ పాట చూడండి. అక్కడ నింద చంద్రుడి మీద లేదు, ఒకరి మీద ఒకరు చెప్పుకుంటారు. చంద్రుడు ఆ ఫిర్యాదులు వినే పెద్దమనిషి. ముద్దాయిని మధ్యవర్తిగా మార్చడం గొప్ప ఊహ.

మీ అనుమానానికి తావున్న పాటలూ లేకపోలేదు. జంట హాయిగా కౌగిలిలో ఉండగా, అలకా ఎడబాటూ ఏమీ లేకుండా వెన్నెల కాలుస్తోందంటే ఆ మాటకు ఆధారం ఉండదు. అక్కడ ట్యూన్ నింపడానికి పాత మాటను తెచ్చి అతికించారనే అనుకోవాలి. కాబట్టి పాట వింటున్నప్పుడు ముందు ఆ ఇద్దరూ కలిసి ఉన్నారా, విడిగా ఉన్నారా అన్నది చూడండి.