సగటు చూసి బంగారం కుదువ పెట్టొద్దు

ప్రశ్న: మాది ప్రొద్దుటూరు. ఇంట్లో బంగారం కుదువ పెట్టి, 12 శాతం వడ్డీకి 6 లక్షలు తెచ్చి నిఫ్టీ ఫ్యూచర్స్ చేయాలనుకుంటున్నాను. ఏటా సగటున 14 శాతం రాబడి, 30 శాతం ఒడుదొడుకు అనుకుని ఎక్సెల్‌లో ర్యాండమ్ అంకెలతో, నెలకో అడుగు చొప్పున ఖాతా నడవగల 10,000 దారులు వేశాను. ఏడాది చివర సగటు 6.84 లక్షలు వస్తోంది. ఖాతా 4.20 లక్షలకు పడితే బ్రోకర్ పొజిషన్లు కోసేస్తాడు. కానీ ఆ కింద ముగిసిన దారులు నూటికి 7 మాత్రమే. ముందుకెళ్లొచ్చా సార్?

జవాబు: వద్దు. ఇలాంటి లెక్కతో అప్పు చేసేవాళ్లు ఎక్కువయ్యారు, అందుకే వివరంగా రాస్తున్నాను.

మీరు డిసెంబర్ నాటి అంకె చూశారు. బ్రోకర్ మాత్రం రోజూ చూస్తాడు. మార్చిలో 4.20కి పడి డిసెంబర్‌కి 6.50కి తేరుకున్న దారి మీ షీట్‌లో లాభం కింద ఉంది. నిజానికి మీ కథ మార్చిలోనే ముగిసిపోయింది. ధర ఒక గీత తాకగానే రద్దయిపోయే నాకౌట్ ఆప్షన్‌కు ధర కట్టేవాళ్లు చివరి ధరతో సరిపెట్టకుండా, దారిలో గీత తాకిందా అని ఏ రోజుకారోజు చూసేది ఇందుకే.

నెల అడుగును రోజు అడుగుగా మార్చండి. ఏడాదికి 252 రోజులు, రోజు ఒడుదొడుకు దాదాపు 1.9 శాతం. ఒక్కో దారి ఒక్కో కాలమ్‌లో ఉంటే, కింద ఇది పెట్టండి:

```
=IF(MIN(B2:B254)<=420000,420000,B254)
```

420000 వచ్చిన దారులు లెక్కపెడితే, మీ 7 కాస్తా దాదాపు 15 అవుతుంది. నెలాఖరుల్లో మాత్రమే చూస్తే 11, 12 దగ్గరే ఆగిపోతుంది, ఎందుకంటే నెల మధ్యలో పడి లేచినవి దొరకవు. దారుల సంఖ్య లక్షకు పెంచినా ఈ తప్పు పోదు.

ఇక సగటు. కొన్ని దారులు బాగా పైకి పోయి దాన్ని లాగుతున్నాయి. అన్నిటినీ వరసగా పేర్చి నడిమి దారి చూడండి, దాదాపు 6.54 లక్షలే. అంటే లాభం 54 వేలు. వడ్డీయేమో 72 వేలు! సగానికి పైగా దారుల్లో మీకు వడ్డీ కూడా రాదు.

ఇదీ మార్కెట్ మర్యాదగా నడిచినప్పటి మాట. 2020 మార్చి 23న నిఫ్టీ ఒక్క రోజులో 13 శాతం, 2024 జూన్ 4న దాదాపు 6 శాతం పడింది. ఎక్సెల్ ఇచ్చే మామూలు ర్యాండమ్ అంకెల్లో ఆ 13 శాతం లాంటి రోజు రాదు. ఆ రోజు మీ పొజిషన్లు 4.20 దగ్గర కాదు, ఇంకా కింద తెగుతాయి.

తెగాక కుదువలోని నగలు ఎలా విడిపిస్తారు? మీ షీట్‌లో దీనికి కాలమ్ లేదు. ఆరు నెలల ఇంటి ఖర్చు బ్యాంకులో విడిగా లేనివాళ్లు నగలు వేలానికి పోయే దాకా వడ్డీ కడుతూనే ఉంటారు. ముందు ఆ డబ్బు కూడబెట్టండి. ఇంటిల్లిపాదికీ హెల్త్ పాలసీ ఉందో లేదో చూసుకోండి. మిగిలితే ఇండెక్స్ ఫండ్‌లో సిప్ చేసుకోవచ్చు. ఇప్పటికే కుదువ పెట్టేసి ఉంటే, ఆ 6 లక్షలు ఖాతాలో కదలకుండా ఉన్నప్పుడే తీసుకెళ్లి నగలు విడిపించండి.