ఇనుప బకెట్‌లో మైలుతుత్తం: పట్టిక చూసి ముందే చెప్పడం

“మాది అమలాపురం దగ్గర. కొబ్బరికి బోర్డో మిశ్రమం చేసేటప్పుడు మైలుతుత్తాన్ని ఇనుప బకెట్‌లో కలపొద్దంటారు నాన్న. క్షయకరణ పొటెన్షియల్ పట్టిక చూసి ఇది చెప్పొచ్చా?”

చెప్పొచ్చండి. మైలుతుత్తం అంటే కాపర్ సల్ఫేట్, నీళ్లలో కరిగితే రాగి అయాన్లు వస్తాయి. అయాన్ ఎలక్ట్రాన్లు తీసుకుని లోహంగా మారే మొగ్గు ఎంతో వోల్టుల్లో చెప్పేదే ఆ పట్టిక. అందులో రెండు వరుసలు చాలు:

Cu²⁺ + 2e⁻ → Cu, +0.34 V
Fe²⁺ + 2e⁻ → Fe, −0.44 V

నీళ్లలో అయాన్‌గా ఉన్న లోహం విలువలోంచి, ముంచిన లోహం విలువ తీసేయండి. 0.34 − (−0.44) = 0.78 వోల్టులు. ధన సంఖ్య వచ్చింది కాబట్టి ఇనుము కరిగి, రాగి ఎర్రగా బకెట్‌కి పట్టేస్తుంది. మందులో రాగి తగ్గుతుంది, బకెట్ పాడవుతుంది. అదే రాగి బిందెలో పోస్తే తేడా సున్నా, స్థానభ్రంశం ఉండదు.

సున్నం కలిపాక మీ నాన్నగారు కత్తి మొన ముంచి చూస్తారే, అదీ ఇదే చర్య. మొన ఎర్రబడితే కరిగిన రాగి ఇంకా మిగిలిందని, సున్నం చాలలేదని అర్థం.

పట్టిక వేగం మాత్రం చెప్పదు. అల్యూమినియం విలువ −1.66. లెక్క ప్రకారం ఇనుముకంటే జోరుగా కరగాలి. కానీ పైన ఆక్సైడ్ పొర అడ్డుపడి చాలాసేపు ఏమీ కాదు. చిటికెడు ఉప్పు వేయండి, క్లోరైడ్ ఆ పొరను ఛేదించి చర్య మొదలవుతుంది.