ముప్పై సెకన్ల స్క్రిప్టులో ముందు రాయవలసింది జవాబు

*మా అమ్మాయి ఫిజిక్స్‌తో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతోంది. ఆరు నెలలుగా ముప్పై సెకన్ల సైన్స్ వీడియోలు చేస్తోంది. చూసేవాళ్లు నాలుగైదు సెకన్లకే వెళ్లిపోతున్నారని బాధపడుతూ, మెరుపులు, ఉరుముల మీద రాసిన ఒక్క స్క్రిప్టునే మూడు వారాలుగా తిరగరాస్తోంది. ఎంతమంది చూశారని రోజూ అడిగితే చిరాకు పడుతోంది. స్క్రిప్టు రాయడం నేర్పే కోర్సులో చేర్పించాలా, లేక ఇదంతా మానిపించి పీజీ ప్రవేశ పరీక్షకు చదివించాలా? ఏది మేలో పోల్చి చెప్పండి. స్క్రిప్టు జతచేశాను. నాకైతే బాగానే ఉంది. — ఒక తండ్రి*

స్క్రిప్టును గడియారం ముందు పెట్టుకుని, పైకి చదివాను. 51 సెకన్లు పట్టింది. మీరు కూడా ఒక్కసారి అలా చదివి ఉంటే 'బాగానే ఉంది' అని రాసేవారు కాదు. మూడు వారాలుగా అమ్మాయి ఇంట్లో కూర్చుని ఒకే కాగితంతో కుస్తీ పడుతుంటే, ఆ కాగితం నిడివి ఎంతో చూడకుండా ఎంతమంది చూశారని మాత్రం రోజూ అడిగారు. చిరాకు పడిందంటే ఆశ్చర్యమేముంది? ఈ మాట కటువుగా అనిపించినా చెప్పక తప్పదు, ఎందుకంటే ఇలాంటి ఉత్తరాలు నాకు తరచుగా వస్తాయి. అన్నింటిలోనూ కోర్సా, పరీక్షా అనే ప్రశ్న పైకి కనిపిస్తుంది. 'పిల్ల చేతికందకుండా పోతోందేమో' అన్న భయం దాని అడుగున ఉంటుంది. ఆ భయం గురించి తర్వాత మాట్లాడతాను. ముందు స్క్రిప్టు సంగతి చూద్దాం, అది సరిచేయగలిగినది.

మీరు పంపిన కాగితంలో మొదటి వాక్యానికి ఐదు రూపాలున్నాయి. తక్కిన భాగం ఒక్కసారి కూడా మారలేదు. జనం మొదట్లోనే వెళ్లిపోతున్నారు కాబట్టి తప్పు మొదటి వాక్యంలోనే ఉందని అమ్మాయి అనుకుంది. అది సగమే నిజం. ఆమె స్క్రిప్టు నమస్కారంతో మొదలై, ఈ రోజు ఏం తెలుసుకుంటామో చెప్పి, మేఘాల్లో విద్యుదావేశం ఎలా పేరుకుంటుందో వివరించి, మెరుపు దారిలోని గాలి ఒక్కసారిగా వేడెక్కి వ్యాకోచించడం వల్ల ఉరుము పుడుతుందని చెబుతుంది. మెరుపుకీ ఉరుముకీ మధ్య సెకన్లు లెక్కపెడితే అది ఎంత దూరంలో మెరిసిందో తెలుస్తుందన్న మాట చివర్లో, 42వ సెకనులో వస్తుంది. ఆ కాగితం మొత్తంలో చూసేవాడు ఇంటికి పట్టుకుపోగలిగిన వస్తువు అదొక్కటే. దాన్ని అటక మీద పెట్టి, గుమ్మానికి ఐదుసార్లు రంగు వేసింది.

అందుకే స్క్రిప్టు రాసేటప్పుడు హుక్‌తో, అంటే చూసేవాణ్ని పట్టి ఆపే మొదటి వాక్యంతో, మొదలుపెట్టవద్దని చెబుతాను. వినడానికి హుక్ ముందు వస్తుంది, రాయడానికి మాత్రం చివర రావాలి. ముందు రాయవలసింది పేఆఫ్, అంటే చూసేవాడు ఆగినందుకు వాడికి దక్కే జవాబు. దాన్ని ఒక్క వాక్యంలో రాయాలి. 'మెరుపు, ఉరుముల మధ్య సెకన్లను మూడుతో భాగిస్తే దూరం కిలోమీటర్లలో వస్తుంది.' ఇలా ఒక్క వాక్యంలోకి రాకపోతే ఆ విషయం ముప్పై సెకన్లలో ఇమిడేది కాదని అర్థం. రెండు వాక్యాలు కావలసివస్తే రెండు వీడియోలు చేయాలి. మేఘాల్లో ఆవేశం ఎలా పేరుకుంటుందన్నది చక్కటి విషయమే, కానీ అది ఇంకో వీడియో. ఇలా కోసేయడం చదువుకున్న పిల్లలకు చాలా కష్టం. తెలిసినదంతా చెప్పకపోతే తెలియనట్టే అని పరీక్షలు వాళ్లకు అలవాటు చేశాయి.

జవాబు చేతికి వచ్చాక దాన్ని ప్రశ్నగా తిప్పితే హుక్ దానంతట అదే దొరుకుతుంది. 'మెరుపు అంటే ఏమిటో మీకు తెలుసా?' అని అమ్మాయి రాసిన రూపాల్లో ఒకటుంది. ఆ ప్రశ్నకు 'తెలుసు' అనో 'అక్కర్లేదు' అనో మనసులో అనుకుని వేలు జరిపేయవచ్చు. ఇంకో రూపంలో 'ఇది తెలిస్తే నివ్వెరపోతారు' అని ఉంది. అది ఏ వీడియోకైనా అతుకుతుంది, కాబట్టి ఈ వీడియోకు పనికిరాదు. పైగా అది పెద్ద మాట ఇస్తుంది, చిన్న జవాబు చెబుతుంది. హుక్ ఇచ్చిన మాట ఎంతో, పేఆఫ్ కూడా అంతే ఉండాలి. జవాబు చిన్నదైతే ప్రశ్న కూడా చిన్నగా, సూటిగా ఉండనివ్వండి. చూసేవాడికి తాను మోసపోయానని ఒకసారి అనిపిస్తే, తర్వాతి వీడియోలో మొదటి సెకనులోనే వెళ్లిపోతాడు.

నిడివి సంగతి కూడా చెప్పాలి. ఇంగ్లిషు స్క్రిప్టుల మాటల లెక్కను తెలుగుకు అలాగే వాడకూడదు. మన మాటలు ప్రత్యయాలు కలుపుకుని పొడవుగా ఉంటాయి. 'లెక్కపెట్టొచ్చు' అన్న ఒక్క మాటకు ఇంగ్లిషులో మూడు నాలుగు మాటలు కావాలి. తెలుగులో స్పష్టంగా, ఊపిరి పీల్చుకుంటూ చెప్పాలంటే ముప్పై సెకన్లకు 45 నుంచి 55 మాటలు చాలని నేను చెబుతుంటాను. అమ్మాయి స్క్రిప్టును ఆ లెక్కతో తిరగరాస్తే నాకు ఇలా వచ్చింది:

'ఈ మెరుపు మీకు ఎన్ని కిలోమీటర్ల దూరంలో ఉంది? వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మెరుపు కనిపించగానే సెకన్లు లెక్కపెట్టండి. ఉరుము వినగానే ఆపండి. పన్నెండు వచ్చిందా? మూడుతో భాగించండి. సుమారు నాలుగు కిలోమీటర్లు. వెలుగు కంటికి క్షణంలో చేరుతుంది. శబ్దానికి కిలోమీటరుకు మూడు సెకన్లు పడుతుంది. ఆ తేడానే మీరు లెక్కపెట్టింది. దూరం ఎంతైనా, ఉరుము వినిపించిందంటే లోపలికి వెళ్లండి.'

మొత్తం 43 మాటలు. నింపాదిగా చదివితే 27, 28 సెకన్లు పడుతుంది. ఆ మిగిలిన రెండు సెకన్లను ఇంకో వాక్యంతో నింపకూడదు. 'నాలుగు కిలోమీటర్లు' అన్న తర్వాత ఒక క్షణం ఆగడానికి అవి కావాలి. అంకె చెవిలో కూర్చోవడానికి ఆ మౌనం అవసరం. ఎలా చేయాలో ముందు చెప్పి, ఎందుకో తర్వాత చెప్పానని గమనించండి. పాఠ్యపుస్తకం కారణంతో మొదలుపెట్టి ఫలితానికి వస్తుంది. ఇక్కడ ఫలితం ముందు చేతిలో పెడితే కారణాన్ని ఓపికగా వింటారు. శబ్దవేగం గాలిలో సెకనుకు సుమారు 340 మీటర్లు, అంటే మూడు సెకన్లకు కిలోమీటరు కంటే కాస్త ఎక్కువ. అందుకే 'సుమారు' అన్న మాట ఉంచాను. ఎంత కోసినా ఆ మాటను కోయకూడదు.

ముగింపు వాక్యం దగ్గర అమ్మాయి చేసిన తప్పు నన్ను కలవరపెట్టింది. 'లెక్క ముప్పై దాటితే భయం లేదు' అని రాసింది. వినడానికి ముద్దుగా ఉంది, ముప్పై సెకన్ల వీడియోకు ముప్పై అంకె కుదిరింది కూడా. ముప్పై సెకన్లంటే పది కిలోమీటర్లు. పిడుగు ఉరుముల మేఘానికి పది కిలోమీటర్లకు పైగా దూరంలోనూ పడగలదు. ఉరుము వినబడుతోందంటేనే ప్రమాదపు పరిధిలో ఉన్నట్టు. చూసేవాళ్లకు గుర్తుండేది సాధారణంగా చివరి మాటే. కాబట్టి ఆ మాట అబద్ధమైతే వీడియో మొత్తం అబద్ధమైనట్టే. ముగింపు వాక్యానికి నేను రెండే పనులు అప్పగిస్తాను. తెలిసినదాన్ని వాడుకునేలా చేయాలి, కొత్త విషయం తేకూడదు. 'నచ్చితే లైక్ చేయండి' అన్న వాక్యం ఈ రెండింటిలో ఏదీ చేయదు. పైగా వీడియో అయిపోయిందని చాటింపు వేస్తుంది, జనం అక్కడే లేచిపోతారు.

తప్పు ఎక్కడుందో ఊహించనక్కర్లేదు కూడా. ఎంతమంది ఏ సెకను దాకా ఉన్నారో చూపించే గీత అమ్మాయి ఫోనులోనే ఉంటుంది. మొదటి మూడు నాలుగు సెకన్లలోనే గీత నిలువునా పడిపోతే హుక్‌ను చూడాలి. మధ్యలో నెమ్మదిగా జారుతూ పోతే పేఆఫ్ ఆలస్యమైందని అర్థం. చివర్లో విరిగితే ముగింపు వాక్యం ముందుగానే వీడ్కోలు చెప్పేసింది. చూసినవాళ్ల సంఖ్య ఒక్కటే చూస్తే ఇవేవీ తెలియవు. మీరు రోజూ అడుగుతున్నది ఆ సంఖ్యనే.

ఇక కోర్సు. నాకు దాని మీద నమ్మకం తక్కువ, కారణం చెబుతాను. ఇలాంటి కోర్సుల్లో చేరి వచ్చిన పిల్లల కాగితాలు చూశాను. చాలావాటిలో హుక్‌ల అచ్చులు ఉంటాయి, ఖాళీలు పూరించేలా. మూడు నెలల తర్వాత అందరి వీడియోలూ ఒకే గొంతుతో మాట్లాడతాయి. చివరి వాక్యాన్ని మొదటి వాక్యానికి అతికించి, వీడియో తెలియకుండానే మళ్లీ మొదలయ్యేలా చేయడం కూడా నేర్పుతారు. ఒకటి రెండుసార్లు సరదాగా ఉంటుంది. అలవాటైతే రాసేవాళ్లకు ముగించడం చేతకాకుండా పోతుంది. అసలు ఇబ్బంది ఇంకొకటుంది. ఆ గీత, చూసేవాడు ఆగాడా అన్నదే కొలుస్తుంది, వాడికి అర్థమైందా అన్నది కొలవదు. ఆ రెండోదాన్ని పట్టించుకునే గురువు దొరికితే కోర్సులో చేర్పించండి. అది ముందే తెలుసుకోవడానికి ఒక దారి ఉంది. పిల్లల స్క్రిప్టును వాళ్లు సరిదిద్దిన కాగితం ఒకటి చూపించమని అడగండి. ఎర్రసిరా హుక్ మీద మాత్రమే ఉంటే వెనక్కి వచ్చేయండి.

వీడియోలనే జీవనాధారంగా చేసుకునే ఆలోచన ఉంటే, అందులోనూ నాకు సందేహాలున్నాయి. ఆదాయం నిలకడగా ఉండదు, వీడియోలను ఎవరికి చూపించాలో నిర్ణయించే యంత్రాంగం చెప్పాపెట్టకుండా మారుతుంది. కానీ అమ్మాయి ఆ మాట అన్నట్టు మీరు రాయలేదు. మీరే అక్కడి దాకా ఊహించి భయపడుతున్నారు. ఫిజిక్స్ తెలిసి, దాన్ని నలభై మాటల్లో తప్పు లేకుండా చెప్పగలిగిన మనిషి అవసరం విద్యాసంస్థలకు, మ్యూజియాలకు, వార్తా సంస్థలకు, పాఠాలు తయారుచేసే కంపెనీలకు ఉంటుంది. ప్రయోగశాలలో ఉన్నా తన పనిని వివరించక తప్పదు. ఈ ఆరు నెలలూ వృథా కాలేదు. పరీక్షకూ దీనికీ పోటీ పెట్టవలసిన పని కూడా లేదు. వారానికి ఒక్క స్క్రిప్టుకు మించవద్దని చెప్పండి. మిగిలిన రోజులు చదువుకు సరిపోతాయి. మూడు వారాలు ఒకే కాగితం మీద గడపడమే చదువును తినేస్తోంది. 'మానిపించి' అన్న మాటను మాత్రం ఇంట్లో వాడకండి. పిల్ల తన చేత్తో చేస్తున్న మొదటి పని ఇది. మానిపిస్తే మీకు చెప్పకుండా చేస్తుంది, అంతకు మించి ఏమీ మారదు.

ఈ సాయంత్రం ఒక పని చేయండి. కొత్త స్క్రిప్టును అమ్మాయినే ఒక్కసారి చదవమనండి, కాగితం చూడకుండా వినండి. ఓ పది నిమిషాలు వేరే విషయాలు మాట్లాడాక, మీకు ఏం గుర్తుందో ఆమెకు చెప్పండి. మూడుతో భాగించాలన్నది మీకు గుర్తుకు రాకపోతే, ఆమె మధ్య భాగాన్ని మళ్లీ రాయాలి.